క్రిస్మస్ కేకులు ఆలస్యమయ్యాయి: క్షమాపణ పోస్టులో ఏం రాయాలి?

వెన్న_పంచదార
విజయవాడలో మా ఇంట్లోనే కేకులు తయారు చేసి అమ్ముతున్నాను. ఈ క్రిస్మస్‌కు కిలో ప్లమ్ కేకులు 46 ఆర్డర్ తీసుకున్నాను. అన్నీ 24వ తేదీ సాయంత్రానికి ఇళ్లకు చేరుస్తానని మాట ఇచ్చాను. ఆ సాయంత్రానికి 28 మాత్రమే చేరాయి. పది కేకులు 25 ఉదయం, మిగిలిన ఎనిమిది 25 సాయంత్రం వెళ్లాయి. ఆ ఎనిమిదింటిలో ఇద్దరు ఇక అక్కర్లేదని వెనక్కి పంపేశారు. కేకు ధర 900 రూపాయలు. అందరూ సగం ముందే పంపారు, తీసుకున్నవారు మిగతా సగం డెలివరీ సమయంలో ఇచ్చారు.

ఇప్పుడు మా పేజీలోనూ, వాట్సాప్ గ్రూపులోనూ క్షమాపణ పోస్టు పెట్టాలనుకుంటున్నాను. నేను రాసుకున్నది ఇది:

"మా ప్రియమైన కస్టమర్లకు. మీ నుంచి వచ్చిన అనూహ్యమైన స్పందన వల్ల, 23వ తేదీన కరెంటు పోవడం వల్ల కొన్ని ఆర్డర్లు ఆలస్యమయ్యాయి. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ తదుపరి ఆర్డరుపై 15 శాతం తగ్గింపు ఇస్తున్నాం. మీ ఆదరణ ఇలాగే కొనసాగాలని కోరుకుంటున్నాం."

ఇది సరిపోతుందా? ఇంకేమైనా చేర్చాలా?

తెనాలి_రాధ
చక్కగా ఉంది. ఇంతకన్నా పొడుగ్గా రాస్తే ఎవరూ చదవరు. దండం పెడుతున్న బొమ్మ ఒకటి చేర్చండి చాలు.

కాకినాడ_కేక్స్
పోస్టు సంగతి తర్వాత చూద్దాం, ముందు కొన్ని విషయాలు చెప్పండి. మీ ఓవెన్ ఎంతది, ఒకసారికి ఎన్ని టిన్నులు పడతాయి, ఒక కిలో కేకు కాలడానికి ఎంతసేపు పడుతుంది, ఏ తేదీన మొదలుపెట్టారు, కరెంటు ఎంతసేపు పోయింది? ఆలస్యానికి అసలు కారణం తెలియకుండా క్షమాపణ రాస్తే, అది రేపు మీ కస్టమర్లే తప్పని చూపించగలిగే మాట అవుతుంది.

వెన్న_పంచదార
60 లీటర్ల ఓటీజీ. కిలో టిన్నులు ఒకసారికి రెండే పడతాయి. 150 డిగ్రీల దగ్గర గంటా ముప్పావు పడుతుంది. తీసి, మళ్లీ పెట్టడంతో కలిపి ఒక విడతకు రెండు గంటలు అనుకోవచ్చు. కేకు తాజాగా ఉండాలని 22 ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టాను. 22, 23 తేదీల్లో రాత్రి తొమ్మిది వరకు కాల్చాను. 23 సాయంత్రం ఆరింటికి పోయిన కరెంటు ఎనిమిది దాటాక వచ్చింది. అప్పటికి ఓవెన్‌లో ఉన్న రెండు కేకులూ మధ్యలో గుంట పడిపోయాయి, వాటిని పారేశాను. 24న ఉదయం ఆరింటికే మొదలుపెట్టాను.

హైదరాబాద్_హోంబేకర్
రెండు అరలు వాడితే నాలుగు టిన్నులు పట్టేవి కదండీ. అరవై లీటర్లంటే చిన్నదేమీ కాదు.

వెన్న_పంచదార
కిందటేడు ప్రయత్నించాను. పై అరలోని కేకుల పైభాగం మాడిపోయింది, కింద అరలోవి లోపల పచ్చిగా ఉన్నాయి. పై టిన్ను పై కాయిలుకు మరీ దగ్గరైపోతోంది. అప్పటినుంచి ఒకే అర వాడుతున్నాను.

కాకినాడ_కేక్స్
అయితే లెక్క వేద్దాం. విడతకు రెండు గంటలు, రోజుకు పన్నెండు గంటలు, అంటే ఆరు విడతలు, 12 కేకులు. 22, 23 కలిపి 24 కేకులు. 24వ తేదీన మధ్యాహ్నం రెండింటి తర్వాత ఓవెన్ నుంచి తీసిన కేకు ఆ సాయంత్రానికి పనికిరాదు, ఎందుకంటే కిలో ప్లమ్ కేకు లోపలిదాకా చల్లారడానికి తక్కువలో తక్కువ నాలుగు గంటలు కావాలి. కాబట్టి ఉదయం ఆరు నుంచి రెండు వరకు నాలుగు విడతలు, 8 కేకులు. మొత్తం 32. కరెంటు ఒక్క నిమిషం కూడా పోకపోయినా మీ ఓవెన్ 24 సాయంత్రానికి ఇవ్వగలిగినవి 32 మాత్రమే. మీరు ఒప్పుకున్నవి 46.

కరెంటు వల్ల పోయినవి ఓవెన్‌లో ఉన్న విడత ఒకటి, ఆ తర్వాత ఏడింటికి పెట్టాల్సిన విడత ఒకటి, అంటే 4 కేకులు. 32లో 4 తీసేస్తే 28, మీరు చెప్పిన సంఖ్యకు సరిగ్గా సరిపోయింది. ఆలస్యమైన 18 కేకుల్లో నాలుగింటికి కరెంటు కారణం. మిగిలిన 14 మీరు ఆర్డర్ తీసుకున్న రోజే ఆలస్యమైపోయాయి. మీ పోస్టు మొత్తం భారాన్ని కరెంటు మీద మోపుతోంది. అదీ కాక "అనూహ్యమైన స్పందన" అన్న మాట కొన్నవాళ్ల మీద నెపం పెట్టినట్టుంది. స్పందన ఎంతో మీకు ముందే తెలుసు, 46 అని లెక్కపెట్టి మీరే అడ్వాన్సులు తీసుకున్నారు.

వెన్న_పంచదార
ఈ లెక్క నేనెప్పుడూ ఇలా వేయలేదు. అవసరమైతే రాత్రంతా మేలుకుని కాల్చవచ్చు కదా అనుకున్నాను. ప్యాకింగ్, డెలివరీ కూడా నేనే చూసుకోవాలన్నది ఆ ఆలోచనలో లేదు.

శ్రీను_వ్యాపారి
ఇంత నిజాయితీ వ్యాపారానికి మంచిది కాదు. "నా తప్పు" అని రాతపూర్వకంగా పెడితే రేపు ఎవరైనా దాన్నే పట్టుకుంటారు. అయినా ఇది ఇంట్లో చేసుకునే చిన్న పని, బిల్లు కూడా ఉండదు కాబట్టి వినియోగదారుల చట్టం మీకు వర్తించదు. కరెంటు కారణమే ఉంచండి.

లా_చదివిన_రవి
శ్రీను గారి మాటలో సగమే సరి. రాసిన మాట సాక్ష్యంగా నిలుస్తుందన్నది నిజం. బిల్లు లేకపోతే చట్టం వర్తించదన్నది మాత్రం సరికాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు ఇచ్చి సరుకు గానీ సేవ గానీ తీసుకున్న వ్యక్తి వినియోగదారుడే, అమ్మింది ఇంటినుంచా దుకాణం నుంచా అన్న భేదం లేదు. యూపీఐలో వెళ్లిన అడ్వాన్సు, "24 సాయంత్రానికి ఇస్తాను" అన్న వాట్సాప్ సందేశం రెండూ ఆధారాలే. 900 రూపాయల కేకు కోసం ఎవరూ వినియోగదారుల కమిషన్ మెట్లు ఎక్కకపోవచ్చు, కానీ వెళ్లలేరు అనుకోవడం పొరపాటు. అలాంటి చోట డబ్బు తిరిగి ఇచ్చేశారన్నదే మీకు ఎక్కువ అండగా నిలుస్తుంది.

గుణదల_వాసి
వెన్న_పంచదార గారూ, మీ పద్దెనిమిది మందిలో నేను ఒకరిని. మా కేకు 25 సాయంత్రం వచ్చింది. పేరు చెప్పనవసరం లేదు, ఆ రోజు మీకు వచ్చిన ఫోన్లు చూసుకుంటే మీకే తెలుస్తుంది.

నన్ను బాధపెట్టింది ఆలస్యం ఒక్కటే కాదు. 24 సాయంత్రం ఐదు నుంచి మీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, మీరు ఎత్తలేదు. ఏడున్నరకు "దారిలో ఉంది" అని ఒక సందేశం వచ్చింది. పై లెక్క చూస్తే, ఆ సమయానికి మా కేకు దారిలో ఉండటం మాట అటుంచి, ఇంకా ఓవెన్‌లోకి కూడా వెళ్లలేదు. మీరు నాలుగింటికి "ఈ రోజు అందించలేను" అని ఒక్క మాట చెప్పి ఉంటే బజారుకు వెళ్లి ఏదో ఒక కేకు తెచ్చుకునేదాన్ని. దుకాణాలన్నీ తెరిచే ఉన్నాయి. మీ మాట నమ్మి ఇంట్లో కూర్చున్నాను.

మా ఇంట్లో రాత్రి దివ్యబలిపూజ నుంచి వచ్చాక కేకు కోసి, తెల్లవారాక చుట్టుపక్కల ఇళ్లకు పంచుతాం. ఈసారి పంచడానికి ఏమీ లేకపోయింది. 25 సాయంత్రం వచ్చిన కేకు రుచిగా ఉన్నా అది ఏ పని కోసం కొన్నామో ఆ పని అయిపోయింది. మీ పోస్టులో ఈ సంగతి ఎక్కడా లేదు. తదుపరి ఆర్డరుపై తగ్గింపు అంటే నేను మళ్లీ డబ్బు కడితేనే నాకు దక్కే పరిహారం.

తెనాలి_రాధ
ఇది చదివాక నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. దండం బొమ్మ చాలదు.

వెన్న_పంచదార
గుణదల_వాసి గారూ, ఎవరో నాకు అర్థమైంది. ఆ సందేశం డెలివరీకి వెళ్లిన అబ్బాయితో నేనే అందరికీ ఒకేసారి పెట్టించాను. ఎవరి కేకు సిద్ధమైందో, ఎవరిది కాలేదో చూడకుండా పెట్టించాను. పోస్టులో ఆ సందేశం గురించి కూడా రాస్తాను.

అరిసెల_అత్తమ్మ
మాది సంక్రాంతి పని. కిందటి సంక్రాంతికి మాకూ ఇలాగే జరిగింది. అరిసెలకు బియ్యం నానబెట్టి తడిపిండి పట్టించాలి, ఆ పిండి ఆరిపోకముందే బెల్లం పాకంలో కలిపేయాలి. పండుగ ముందు రోజుల్లో మర దగ్గర తడిపిండికి పెద్ద వరుస ఉంటుంది. నూనె, బెల్లం, నలుగురు మనుషులు, అన్నీ సిద్ధంగా ఉన్నా పిండి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. భోగినాడు ఇవ్వాల్సినవి కనుమ సాయంత్రం ఇచ్చాం.

మేము క్షమాపణ అందరికీ కలిపి రాయలేదు. ఆలస్యమైన ప్రతి ఇంటికీ విడిగా ఫోన్ చేసి, ఎవరికి ఏ రోజు అందిందో ఆ ఇంటివాళ్లకు ఆ సంగతే చెప్పాం. గ్రూపులో పోస్టు ఆ తర్వాతే పెట్టాం. ముందు పోస్టు పెడితే ఫోన్ రానివాళ్లు "మమ్మల్ని గుంపులో కలిపేశారు" అంటారమ్మా. అందులోనూ సమయానికి కేకు అందినవాళ్లకు ఆ పోస్టుతో పనే లేదు.

శ్రీను_వ్యాపారి
సమయానికి అందిన 28 మందికి తెలియనే తెలియనప్పుడు వాళ్లకు ఎందుకు చెప్పాలి? 18 మందికి ఫోన్ చేసి, పోస్టు మానేయవచ్చు.

గుణదల_వాసి
మా పక్కింటివారికి సమయానికి అందింది, మాకు అందలేదు. ఒకే అపార్టుమెంటులో ఇలాంటివి దాగవు. పోస్టు లేకపోతే మేము చెప్పిందే అందరికీ తెలిసిన కథ అవుతుంది.

లెక్కల_మాస్టారు
డబ్బు లెక్క కూడా వేయండి. ఎంత తిరిగి ఇవ్వగలరో తెలియకుండా పోస్టులో వాగ్దానం చేయవద్దు.

వెన్న_పంచదార
18 మందికీ మొత్తం ఇస్తే, వెనక్కి పంపిన ఇద్దరికి అడ్వాన్సు 900, మిగిలిన 16 మందికి 14,400, అంతా కలిపి 15,300 అవుతుంది. ఒక కేకుకు డ్రై ఫ్రూట్స్, వెన్న, గుడ్లు, పెట్టె కలిపి నాకు 450 దాకా ఖర్చయింది. అంత మొత్తం ఒకేసారి ఇస్తే ఈ పండుగ సంపాదన దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. అయినా ఇవ్వాల్సిందేనంటే ఇస్తాను.

కాకినాడ_కేక్స్
అందరి నష్టం ఒకటి కాదు కదమ్మా. 25 ఉదయం అందినవాళ్లకు అర్ధరాత్రి కేకు తప్పిపోయింది కానీ పగలు పంచుకోవడానికి, భోజనాల సమయానికి దక్కింది. వాళ్లకు సగం ధర, అంటే ఒక్కొక్కరికి 450, పదిమందికి 4,500. 25 సాయంత్రం అందినవాళ్లకు పండుగే దాటిపోయింది, వాళ్లకు పూర్తి మొత్తం. కేకు ఉంచుకున్న ఆరుగురికి 5,400, వెనక్కి పంపిన ఇద్దరికి వాళ్లిచ్చిన 900. మొత్తం 10,800. కేకు తిన్నారు కదా అని ఆ ఆరుగురికి తగ్గించవద్దు.

హైదరాబాద్_హోంబేకర్
నాకు ఇది ఎక్కువనిపిస్తోంది. కేకు తిన్నవారికి సరుకు ఖర్చయినా మిగుల్చుకోవాలి. 450 చొప్పున అందరికీ ఒకేలా ఇస్తే గొడవ ఉండదు. ఒకరికి సగం, ఒకరికి మొత్తం అంటే పోల్చుకుంటారు.

గుణదల_వాసి
పోల్చుకుంటాం, నిజమే. ఉదయం అందిన కేకూ సాయంత్రం అందిన కేకూ ఒకటే అంటే ఇంకా ఎక్కువ పోల్చుకుంటాం. నా విషయంలో సగం ఇచ్చినా గొడవ పెట్టను, కానీ ముందు డబ్బు, ఆ తర్వాతే తగ్గింపు మాట.

ఇంకో సంగతి అడగాలి. మా కేకు పైభాగం జిగటగా ఉంది, చుట్టిన ప్లాస్టిక్ లోపల నీటి చుక్కలు కనిపించాయి. అది మామూలేనా? ఇంట్లో ఇంకా సగం ఉంది.

హైదరాబాద్_హోంబేకర్
మామూలే. కేకు గోరువెచ్చగా ఉన్నప్పుడే చుట్టేస్తే తేమ పోకుండా మెత్తగా ఉంటుంది. నేనూ అలాగే చేస్తాను.

కాకినాడ_కేక్స్
మీరు చెప్పింది ఐసింగ్ చేయబోయే స్పాంజికి సరిపోతుంది. దాన్ని చుట్టి నేరుగా ఫ్రీజర్‌లో పెడతాం, మర్నాడు కోసి క్రీము పూస్తాం, ఒకటి రెండు రోజుల్లో తినేస్తారు. ప్లమ్ కేకును వేడిగా చుట్టి పెట్టెలో మూసి బయటే ఉంచితే లోపలి ఆవిరి పైకి వచ్చి ప్లాస్టిక్‌కు తగిలి నీరవుతుంది. ఆ నీరు మళ్లీ కేకు పైకే దిగుతుంది. పైపొర తడిసి, రెండు మూడు రోజుల్లో బూజు పట్టడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. పండ్లను రమ్ములో నానబెట్టిన కేకు కొంత ఓర్చుకుంటుంది. వెన్న_పంచదార గారూ, మీవి దేనిలో నానబెట్టారు? సాయంత్రం వెళ్లిన ఎనిమిదీ ఎప్పుడు కాల్చారు, ఎప్పుడు చుట్టారు?

వెన్న_పంచదార
అందరూ మద్యం వద్దన్నారు కాబట్టి నారింజ రసంలో నానబెట్టాను. ఆ ఎనిమిదింటినీ 25 ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు కాల్చాను. మొదటి నాలుగూ చల్లారాయి. చివరి నాలుగింటిని మూడింటికే చుట్టేశాను, వాటి అడుగు చేతికి ఇంకా వేడిగానే తగిలింది.

కాకినాడ_కేక్స్
అయితే మీ పోస్టుకన్నా ముందు ఆ నలుగురికి ఫోన్ చేయాలి, ఈ రోజే. ఆలస్యానికి క్షమాపణ రేపైనా చెప్పవచ్చు, ఇది ఆగదు. ప్లాస్టిక్ తీసేయమనండి. కేకు పైన తెల్లటి గానీ పచ్చటి గానీ చుక్క కనిపించినా, ముక్కిపోయిన వాసన వచ్చినా, పులిసిన వాసన వచ్చినా మొత్తం పారేయమనండి. బూజు ఉన్న చోటు మాత్రమే కోసేసి మిగతాది తినవద్దని గట్టిగా చెప్పండి, మన ఇళ్లలో ఆ అలవాటు ఉంది. ఏ మచ్చా వాసనా లేకపోతే, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు రోజుల్లో ముగించమనండి. అనుమానం వచ్చినవాళ్లు పారేసినా వాళ్ల డబ్బు వాళ్లకు వస్తుందని అదే ఫోన్‌లో చెప్పేయండి. అప్పుడు డబ్బు కోసం ఆగి తినే అవసరం వాళ్లకు ఉండదు.

గుణదల_వాసి
చుక్కలేవీ లేవు, వాసనా బాగానే ఉంది. అయినా పిల్లలకు ఇక పెట్టను.

వెన్న_పంచదార
నలుగురికీ ఫోన్ చేసి వచ్చాను. ముగ్గురు అప్పటికే తినేశారు, ఎవరికీ ఇబ్బంది లేదన్నారు. నాలుగోవారు మీరే. ఆ కేకు మీరు పారేయండి, పూర్తి డబ్బు ఈ రాత్రికే పంపుతాను.

లా_చదివిన_రవి
డబ్బు పంపేటప్పుడు ఒక జాగ్రత్త. యూపీఐలో వచ్చిన అడ్వాన్సు దానంతట అది వెనక్కి వెళ్లదు, మీరు కొత్తగా పంపాలి. ఏ నంబరు నుంచి వచ్చిందో ఆ నంబరుకే పంపి, నోట్‌లో "ప్లమ్ కేకు రీఫండ్" అని రాయండి. డబ్బు అందుకోవడానికి ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదని, పిన్ కొట్టనక్కర్లేదని మీ పోస్టులో ఒక వాక్యం పెట్టండి. రీఫండ్ ఇస్తున్నారని గ్రూపులో తెలియగానే మీ పేరు చెప్పి మోసం చేసేవాళ్లు రావచ్చు.

అరిసెల_అత్తమ్మ
ఒకావిడ తమ సంఘంవారందరి తరఫున ఒకేసారి ఆర్డర్ ఇచ్చి ఉంటే, డబ్బు ఆవిడకే పంపినా మిగతావాళ్లకూ ఒక మాట చెప్పండి. మాకు ఆ చిక్కు వచ్చింది. పంపినది ఒకరికి, అడిగినవారు ముగ్గురు.

వెన్న_పంచదార
ఇక్కడ చెప్పినవన్నీ చూసుకుని మళ్లీ రాశాను. పద్దెనిమిది మందికీ ఫోన్లు పూర్తయ్యాకే పెడతాను.

"24వ తేదీ సాయంత్రానికి అందిస్తామని మేము మాట ఇచ్చిన 46 ప్లమ్ కేకుల్లో 18 ఆలస్యమయ్యాయి. పది 25 ఉదయం, ఎనిమిది 25 సాయంత్రం వెళ్లాయి. మా ఓవెన్‌లో 24 సాయంత్రానికి 32 కేకులకు మించి తయారు కావు. ఆ లెక్క వేసుకోకుండా 46 ఆర్డర్లు తీసుకోవడమే ఈ ఆలస్యానికి ముఖ్య కారణం. 23న కరెంటు పోవడం వల్ల మరో నాలుగు తగ్గాయి.

ఆలస్యమవుతుందని మాకు తెలిసిన తర్వాత కూడా మీకు చెప్పలేదు. 24 రాత్రి ఏడున్నరకు 'దారిలో ఉంది' అని వచ్చిన సందేశం చాలామంది విషయంలో నిజం కాదు. ఆ సందేశాన్ని నమ్మి వేరే కేకు తెచ్చుకోకుండా ఆగిన ప్రతి కుటుంబానికీ క్షమాపణ చెబుతున్నాను. అర్ధరాత్రి కోయడానికి, ఉదయం పంచడానికి మీరు కొన్న కేకు ఆ సమయానికి మీ ఇంట్లో లేదు.

25 ఉదయం అందినవారికి సగం ధర, 25 సాయంత్రం అందినవారికి చెల్లించిన మొత్తం, ఈ నెల 30లోగా మీరు డబ్బు పంపిన నంబరుకే వస్తుంది. మీరు ఏ లింకూ నొక్కనక్కర్లేదు, ఏ పిన్నూ కొట్టనక్కర్లేదు. చివరి నాలుగు కేకులు పూర్తిగా చల్లారకముందే ప్యాక్ అయ్యాయి. ఆ నాలుగిళ్లతోనూ విడిగా మాట్లాడాను.

ఇకనుంచి ఏ పండుగకైనా 40 ప్లమ్ కేకులకు మించి ఆర్డర్లు తీసుకోను. ఎవరి ఆర్డరైనా సమయానికి అందదని తెలిస్తే, డెలివరీ రోజు మధ్యాహ్నం పన్నెండులోగా నేనే ఫోన్ చేసి చెబుతాను."

తెనాలి_రాధ
పొడుగ్గానే ఉంది, కానీ చివరిదాకా చదివాను.

శ్రీను_వ్యాపారి
32 అనే సంఖ్య తీసేయండి. మీ ఓవెన్ ఎంత చిన్నదో ఊరందరికీ చెప్పడం దేనికి? పోటీవాళ్లకు ఉపయోగపడుతుంది.

కాకినాడ_కేక్స్
నేను ఉంచమంటాను. ఆ సంఖ్య ఉంది కాబట్టే 40 అన్న హామీని నమ్మబుద్ధి అవుతుంది. అయితే ఆ 40 నిలబడాలంటే మీరు మొదలుపెట్టే రోజు మారాలి. రసంలో నానబెట్టిన ప్లమ్ కేకు బాగా చల్లార్చి బటర్ పేపర్‌లో చుట్టి, గాలి చొరని డబ్బాలో ఉంచితే మన డిసెంబరు వాతావరణంలో నాలుగైదు రోజులు నిక్షేపంగా ఉంటుంది, రెండో రోజుకు రుచి ఇంకా కుదురుకుంటుంది కూడా. రమ్ముదైతే వారాల ముందే కాల్చుకోవచ్చు. తాజాగా ఉండాలని 22 దాకా ఆగడం ఈ కేకు స్వభావానికే సరిపడదు. 20న మొదలుపెడితే 23 రాత్రికి నాలుగు రోజుల్లో 48 కేకులు కాలతాయి. అందులో 40 మాత్రమే అమ్మండి, కరెంటు పోయినా ఒక విడత చెడినా ఆ ఎనిమిది మిమ్మల్ని కాపాడతాయి. 24న ఓవెన్ వెలిగించకుండా ప్యాకింగ్, డెలివరీ మాత్రమే చూసుకోండి.

గుడ్డు లేని కేకులు మాత్రం అంత ఆగవు. పెరుగుతో చేసేవి రెండు రోజులకు మించి ముందు కాల్చవద్దు, వాటికి విడిగా ఒక సంఖ్య పెట్టుకోండి.

వెన్న_పంచదార
46లో 9 గుడ్డు లేనివి. వాటిని 23నే కాల్చేలా పెట్టుకుంటాను.

మరో ప్రశ్న. 31వ తేదీ రాత్రికి కొత్త సంవత్సరం కేకులు ఇప్పటికే 22 ఒప్పుకున్నాను, అన్నీ క్రీము కేకులే. ఇంకా అడుగుతున్నారు.

కాకినాడ_కేక్స్
క్రీము కేకుకు మీ ఓవెన్ అడ్డు కాదు. స్పాంజి నలభై నిమిషాల్లో కాలుతుంది, ముందు రోజే కాల్చి పెట్టుకోవచ్చు. అడ్డు ఫ్రిజ్. పెట్టెతో సహా కేకులు ఎన్ని పడతాయో ఖాళీ పెట్టెలు పెట్టి ఈ రోజే చూసుకోండి.

వెన్న_పంచదార
చూశాను. ఇంట్లో సామాను మొత్తం తీసేసినా 12 పడుతున్నాయి. పక్కింటి పిన్నిగారి ఫ్రిజ్‌లో ఇంకో 5 పెట్టుకోవచ్చన్నారు.

లెక్కల_మాస్టారు
17. మీరు ఒప్పుకున్నవి 22.

హైదరాబాద్_హోంబేకర్
రెండు విడతలుగా డెలివరీ చేయండి. పదిమందిని సాయంత్రం నాలుగింటికే తీసుకోవడానికి ఒప్పిస్తే ఫ్రిజ్ ఖాళీ అవుతుంది. వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ ఉంటుంది కదా. ఇది నేను ప్రతి ఏడూ చేస్తాను.

గుణదల_వాసి
ఒప్పుకోని వాళ్లుంటే ఈ రోజే చెప్పేయండి. ఇంకా రోజులున్నాయి కాబట్టి వేరేచోట ఆర్డర్ ఇచ్చుకోగలరు. నా 900 అందాయి.

వెన్న_పంచదార
పదిమందికి ఫోన్ చేస్తే ఏడుగురు నాలుగింటికి తీసుకుంటామన్నారు. ఆ ఏడు పెట్టెలు వెళ్లిపోతే రాత్రికి 15 మిగులుతాయి, అవి ఫ్రిజ్‌లలో పడతాయి. ఆ ఏడింటిలో ఐదింటికి మాత్రం నాలుగింటి వరకు చోటు లేదు, కాబట్టి వాటి క్రీము పని మధ్యాహ్నం చివర్లో పెట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టకుండానే పంపాలి. కొత్త ఆర్డర్లు ఆపేశానని గ్రూపులో రాశాను.

కాకినాడ_కేక్స్
ఆ ఐదింటికి వెన్న క్రీము వాడండి, విప్డ్ క్రీము వద్దు. విప్డ్ క్రీము చల్లబడకుండా బండి మీద వెళ్తే పటమట దాటేలోపే జారిపోతుంది. వెన్న క్రీముకు ఆ ఐదుగురూ ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి.

వెన్న_పంచదార
ముగ్గురు ఒప్పుకున్నారు. మిగతా ఇద్దరి జవాబు కోసం చూస్తున్నాను. ఆరింటిలోగా చెప్పకపోతే వాళ్ల అడ్వాన్సు తిరిగి పంపేస్తానని వారికి తెలియజేశాను.